పత్రికల పాత్రను కొలవడం ఎలా?

ఒక జర్నలిజం విద్యార్థిని ఎం.ఏ. ప్రాజెక్టు కోసం ‘సారా వ్యతిరేక ఉద్యమంలో తెలుగు పత్రికల పాత్ర’ అనే అంశం ఎంచుకుందనుకుందాం. మంచి అంశమే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిబడులకు వెళ్లి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి కదిలారు. దూబగుంట పేరు రాష్ట్రమంతా మోగింది. 1992లో ఊరూరా దుకాణాలు మూయించడం, వేలంపాటలు అడ్డుకోవడం మొదలైంది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. పత్రికలు, అందులోనూ ఈనాడు, ఈ పోరాటానికి విస్తారంగా చోటిచ్చాయి. ఇంత కథ కళ్ల ముందు ఉంటే రాయడానికి కొదవేమిటి?

కొదవ ఏమీ లేదు. చిక్కల్లా అక్కడే ఉంది. ఈ అంశం మీద వంద పేజీలు రాయవచ్చు, కానీ ఒక్క విషయం కూడా తేల్చకుండానే రాయవచ్చు. పత్రికలు గొప్ప పాత్ర పోషించాయని ముగించినా, ఉద్యమం ఎదిగాకే పత్రికలు వెంట నడిచాయని ముగించినా, రెండింటికీ నాలుగేసి కత్తిరింపులు దొరుకుతాయి. ఏ కాగితం బయటపడితే తన మాట తప్పని ఒప్పుకుంటుందో ఆ విద్యార్థిని ముందే చెప్పలేదు. అలా చెప్పలేనంత కాలం ఆమె చేతిలో ఉన్నది అంశమే, ఇంకా ప్రశ్న కాలేదు.

అంశాన్ని ప్రశ్నగా మార్చడం ఎలాగో చూపించే పాత ఉదాహరణ ఒకటుంది. 1967లో మాక్స్‌వెల్ మెకోంబ్స్ అనే యువ అధ్యాపకుడు లాస్ ఏంజిలిస్‌లో పనిచేస్తున్నాడు. ఒకరోజు లాస్ ఏంజిలిస్ టైమ్స్ మొదటి పేజీ మీద సహోద్యోగులతో చర్చ నడిచింది. ఆ రోజు పెద్ద వార్తలు ఒకటికి మించి ఉన్నాయి. పత్రిక ఒకదాన్ని పైకెత్తి, మిగతావాటికి తక్కువ చోటిచ్చింది. పత్రిక తగ్గించి వేసిన వార్త పాఠకుడి మనసులో కూడా తగ్గుతుందా? మీడియా ప్రభావం అనే సముద్రమంత అంశంలోంచి అతను పట్టుకున్నది ఈ చిన్న ముక్క. అప్పటికి పరిశోధకులు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న వేరు: ఎన్నికల ప్రచారం చూసి జనం ఓటు మార్చుకుంటారా? 1940లో ఒహాయో రాష్ట్రంలోని ఎరీ కౌంటీలో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఓటర్లను నెలల తరబడి పలకరించి చూస్తే, మనసు మార్చుకున్నవారు కొద్దిమందే తేలారు. మెకోంబ్స్ ఓటు జోలికి పోలేదు. జనం ఏ పక్షాన ఆలోచిస్తారన్నది పక్కనపెట్టి, ఏ సమస్యలను ముఖ్యమనుకుంటారన్నది అడిగాడు.

మరుసటి ఏడాది అతను నార్త్ కరోలినా రాష్ట్రంలోని చాపెల్ హిల్‌లో ఉన్నాడు. అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయం. డొనాల్డ్ షాతో కలిసి ఆ ప్రశ్నను కొలతలోకి దించాడు. వాళ్ల ప్రశ్న ఇదీ: ప్రచార సమయంలో మీడియా ఏ సమస్యలకు ఎంత ప్రాముఖ్యం ఇస్తుందో, ఓటర్లు కూడా అదే వరసలో వాటిని ముఖ్యమనుకుంటారా? ఇందులో రెండు చరరాశులున్నాయి. అంటే సందర్భాన్ని బట్టి మారే, మనం కొలవాల్సిన రెండు సంగతులు. ఒకటి మీడియా ఇచ్చిన ప్రాముఖ్యం. రెండోది ఓటరు మనసులోని ప్రాముఖ్యం. రెండూ కంటికి కనిపించేవి కావు. వాటిని ఎలా చూడాలో, ఎలా లెక్కపెట్టాలో ముందే రాసిపెట్టుకోవాలి. అలా రాసుకున్నదాన్నే పరిశోధకులు ఆపరేషనల్ డెఫినిషన్ అంటారు. ఏం చేస్తే కొలిచినట్టో చెప్పే నిర్వచనం అన్నమాట.

ఓటరు మనసుకు వాళ్లు రాసుకున్న నిర్వచనం చాలా తేలికైనది. రాజకీయ నాయకులు ఏం చెబుతున్నారన్నది వదిలేసి, ప్రభుత్వం పట్టించుకోవాల్సిన ముఖ్యమైన విషయాలు రెండు మూడు చెప్పమని అడిగారు. జాబితా ఇచ్చి ఎంచుకోమనలేదు. ఇస్తే, జాబితాలో ఉన్నందువల్లే కొన్ని సమస్యలు గుర్తుకొచ్చేవి. పట్టణంలోని అయిదు పోలింగ్ ప్రాంతాల నుంచి, ఎవరికి ఓటేయాలో ఇంకా తేల్చుకోని వందమందిని పలకరించారు. తేల్చుకోనివారినే ఎంచుకోవడానికి కారణముంది. ప్రచార సమాచారం మీద ఎక్కువ ఆసక్తి, దానికి లోబడే అవకాశం వాళ్లకే ఉంటాయని అంచనా.

మీడియా ప్రాముఖ్యానికి నిర్వచనం ఇంకా కచ్చితంగా ఉంది. టీవీలో 45 సెకన్లు, అంతకుమించి సాగిన వార్త, లేదా బులెటిన్ మొదట్లో వచ్చిన మూడు వార్తల్లో ఒకటి అయితే పెద్ద వార్త. పత్రికలో మొదటి పేజీ ప్రధాన వార్త, లేదా ఏ పేజీలోనైనా మూడు కాలమ్‌ల శీర్షికతో వచ్చి, కనీసం మూడో వంతు, అదీ అయిదు పేరాలకు తగ్గకుండా, రాజకీయాలకు కేటాయించిన వార్త పెద్దది. మిగిలినవన్నీ చిన్నవి. అయిదు పత్రికలు, టైమ్, న్యూస్‌వీక్ వారపత్రికలు, రెండు టీవీ నెట్‌వర్కుల సాయంత్రం వార్తలు చూశారు. 45 సెకన్లే ఎందుకు, 40 ఎందుకు కాదు అంటే గట్టి జవాబు ఉండదు. కానీ గీత ఎక్కడ గీశారో అందరికీ తెలుసు కాబట్టి, నచ్చనివాళ్లు తమ గీత గీసి అదే లెక్క మళ్లీ వేసుకోవచ్చు. కచ్చితమైన నిర్వచనం వల్ల మొదట దక్కేది ఈ సౌకర్యమే.

ఫలితం 1972లో అచ్చయింది. పెద్ద వార్తల్లో సమస్యల వరసకూ ఓటర్లు చెప్పిన వరసకూ సహసంబంధం 0.967. ఒకటి అంటే అక్షరాలా ఒకే వరస అని అర్థం. అంత పెద్ద అంకె చూసి మీడియాయే జనం ఆలోచనను నడిపించిందని అనేయడం సులువు. అది తొందరపాటు. పోల్చినవి విదేశాంగ విధానం, శాంతిభద్రతలు, ఆర్థిక విధానం, ప్రజా సంక్షేమం, పౌరహక్కులు అనే అయిదు పెద్ద సమస్యలు. వందమంది జవాబులనూ ఒక కుప్పగా పోసి పోల్చారు. ఏ ఒక్క ఓటరు ఏ పత్రిక చదివి ఏమనుకున్నాడన్నది అందులో కనిపించదు. అన్నింటికంటే పెద్ద లోటు, రెండింటినీ ఒకే కాలంలో కొలిచారు. జనం బెంగను చూసి పత్రికలు రాశాయా, పత్రికలు రాశాక జనానికి బెంగ పట్టిందా అన్నది ఆ అధ్యయనం చెప్పలేదు. ఆ సంగతి తెలుసు కాబట్టే 1972 ఎన్నికలప్పుడు షార్లెట్ నగరంలో అవే ఓటర్లను వేర్వేరు నెలల్లో మళ్లీ మళ్లీ పలకరించి, ఏది ముందో ఏది వెనుకో చూసే ప్రయత్నం చేశారు.

ఇక నెల్లూరుకు వద్దాం. మన విద్యార్థిని మనసులో అసలున్నది కూడా ముందూ వెనుకల ప్రశ్నే. పత్రికలు ఉద్యమాన్ని పెంచాయా, ఉద్యమం పెరిగాక పత్రికలు రాశాయా? దాన్ని ప్రశ్నగా ఇలా రాయవచ్చు: 1992 సెప్టెంబరు నుంచి 1993 ఏప్రిల్ 15 వరకు, జిల్లాలో వారం వారం జరిగిన నిరసనల సంఖ్యకూ, ఆ వారం పత్రికలో సారా వార్తలకు దక్కిన ప్రాముఖ్యానికీ ఏది ముందు పెరిగింది? ఊరు, కాలం, చరరాశులు అన్నీ ఇందులో ఉన్నాయి. కాగితం మీద బాగుంది.

పని మొదలుపెట్టగానే ఇది కూలిపోతుంది. నిరసనల సంఖ్య ఎక్కడి నుంచి వస్తుంది? పత్రికల నుంచే తీసుకుంటే, పత్రిక రాసిందాన్ని పత్రిక రాసిందాంతోనే పోల్చినట్టవుతుంది. విలేకరి వెళ్లని ఊళ్లో జరిగిన నిరసన లెక్కలోకి రాదు. పత్రిక ఆసక్తి పెరిగిన వారం నిరసనలు కూడా పెరిగినట్టు కనిపిస్తాయి, నిజంగా పెరగకపోయినా. రెండు గీతలూ కలిసి లేస్తాయి, కలిసి పడతాయి, ఫలితం ఎంతో నమ్మకంగా కనిపిస్తుంది. సామాజిక ఉద్యమాల మీద పత్రికల సాయంతో చేసే అధ్యయనాల్లో ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు లేదని నా అభిప్రాయం. ఎందుకంటే ఇది పొరపాటులా కనిపించదు. దీన్ని తప్పించుకోవాలంటే పత్రికకు బయట ఉన్న లెక్క కావాలి: ఎక్సైజ్ శాఖ వేలంపాటల రికార్డులు, పోలీసు స్టేషన్ల నమోదులు, హక్కుల సంఘాల నివేదికలు. మూడు నెలల ప్రాజెక్టులో ఒక విద్యార్థిని వాటిని సంపాదించి, సరిచూసి, వాడడం అయ్యే పని కాదు.

కాబట్టి ప్రశ్నను మరోసారి కుదించాలి. ఈసారి, పత్రిక ఒక్కటే జవాబు చెప్పగల ప్రశ్న కావాలి. పత్రికకు తన పేజీల్లో ఏముందో తెలుసు, బయట ఏం జరిగిందో సగమే తెలుసు. అలా చూస్తే మంచి ప్రశ్న ఒకటి బయటపడుతుంది. ఇది ఆడవాళ్ల ఉద్యమం. మరి వార్తల్లో మాట్లాడింది ఎవరు? 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. ఊరి వార్తకు అక్కడ చోటుంది. ఉద్యమం పెరిగి వార్త లోపలి పేజీ నుంచి మొదటి పేజీకి ఎక్కినప్పుడు, సారా దుకాణం ముందు నిలబడ్డ ఆడమనిషి మాట కూడా ఎక్కిందా, లేక ఆమె స్థానంలో మంత్రి, కలెక్టరు, పార్టీ నాయకుడు వచ్చారా?

ఇప్పుడు పరిశోధనా ప్రశ్న ఇలా తయారైంది: ‘1992 సెప్టెంబరు - 1993 ఏప్రిల్ 15 మధ్య ఒక దినపత్రిక నెల్లూరు ఎడిషన్ సారా వార్తల్లో, మాట అచ్చయిన వ్యక్తుల్లో ఉద్యమ మహిళల వాటా ఎంత? ప్రాముఖ్యం దక్కిన వార్తల్లో ఆ వాటా తక్కువగా ఉందా?’ జవాబు అవును కావచ్చు, కాదు కావచ్చు. రెండు చోట్లా వాటా సమానంగా తేలితే, నాయకులు ఆమె మాటను తోసేశారన్న అనుమానం తప్పని విద్యార్థిని ఒప్పుకోవాల్సి వస్తుంది. మొదటి అంశానికి లేని గుణం ఇదే.

రెండు చరరాశుల్లో ప్రాముఖ్యం తేలిక. చాపెల్ హిల్ పద్ధతినే మన పేజీలకు సరిపోయేలా మార్చుకోవచ్చు. సారా వార్త ప్రధాన పత్రికలో వచ్చినా, జిల్లా అనుబంధం మొదటి పేజీలో వచ్చినా, ఏ పేజీలోనైనా మూడు కాలమ్‌లు, అంతకుమించిన వెడల్పు శీర్షికతో వచ్చినా ‘ప్రాముఖ్యం ఉంది’. లేకపోతే ‘లేదు’. ఫొటో ఉండడం కూడా కలుపుదామా అన్న ప్రశ్న వస్తుంది. నేనైతే కలపను, వేరే గడిలో రాసుకుంటాను. తర్వాత కావాలంటే కలుపుకోవచ్చు, ముందే కలిపేస్తే విడదీయలేం. ఇంకో జాగ్రత్త: గ్రంథాలయంలో పాత సంచికలను బైండు చేసేటప్పుడు జిల్లా అనుబంధాన్ని కూడా కలిపారో లేదో మొదటిరోజే చూసుకోవాలి. అది లేకపోతే ఈ ప్రశ్న కాగితం మీదే మిగిలిపోతుంది.

మాట్లాడిన వ్యక్తి అనే చరరాశి దగ్గరే అసలు పని. ముందు, మాట అచ్చు కావడం అంటే ఏమిటి? కొటేషన్ గుర్తుల్లో ఉన్న మాటలే అంటే తెలుగు వార్తల్లో సగానికి సగం జారిపోతాయి. మన విలేకరులు ఎక్కువగా ‘అని చెప్పారు’, ‘అని వాపోయారు’, ‘అని హెచ్చరించారు’ అంటూ పరోక్షంగా రాస్తారు. కాబట్టి మాట్లాడినట్టు తెలిపే క్రియ ఉండి, ఆ మాటలో ఒక విషయం ఉంటే అది అచ్చయిన మాటే. ‘నినాదాలు చేశారు’ అని మాత్రమే ఉంటే కాదు, ఏ నినాదమో రాస్తే అవును. లెక్కపెట్టేది వార్తలను కాదు, మాట్లాడినవారిని. ఒకే వార్తలో ఒకే వ్యక్తి నాలుగుసార్లు మాట్లాడినా ఒక్కరే.

ఇక్కడ తెలుగు ఒక మెలిక పెడుతుంది. ‘అన్నారు’ అనే క్రియ మాట్లాడింది ఆడో మగో చెప్పదు. ‘సారా వల్ల ఇళ్లు గుల్లవుతున్నాయని గ్రామస్థులు వాపోయారు’ అన్న వాక్యంలో మాట్లాడింది ఎవరు? సందర్భం చూస్తే ఆడవాళ్లే అయి ఉండాలనిపిస్తుంది. కానీ అలా అనిపించడాన్ని లెక్కలో వేస్తే, విద్యార్థిని ఉద్యమం గురించి ముందే నమ్మినది అంకెలోకి దొంగచాటుగా వచ్చేస్తుంది. పేరు, ‘మహిళలు’ లాంటి మాట, పక్కనే శీర్షిక ఉన్న ఫొటో, వీటిలో ఏదో ఒక ఆధారం ఉంటేనే ఆడ, మగ అని రాయాలి. లేకపోతే ‘తెలియదు’ అనే మూడో గడి. ఈ గడిని తీసేయకూడదు. అందులో ఎంతమంది పడ్డారన్నది కూడా ఒక ఫలితమే. తమ పేరు మీద మాట్లాడినవారిని ఒక గడిలో, గుంపుగా మాట్లాడిన ‘మహిళల’ను మరో గడిలో వేయడం కూడా అవసరం. పేరుతో అచ్చయిన దూబగుంట రోశమ్మ మాటా, పేరు లేని ‘మహిళల’ మాటా పేజీ మీద ఒకే బరువు మోయవు. మిగిలినవారికి అధికారులు, ప్రజాప్రతినిధులు, పార్టీలు సంఘాల నాయకులు, సారా కాంట్రాక్టర్లు అని నాలుగు గడులు చాలు. ఒకటికి మించిన గడుల్లో పడే మనిషి తప్పకుండా దొరుకుతాడు. ఉదాహరణకు, మహిళా సంఘం నాయకురాలే పంచాయతీ సభ్యురాలు కూడా అయితే? వార్త ఆమెను ఏ హోదాలో పరిచయం చేసిందో ఆ గడిలో వేయాలని ముందే రాసుకోవాలి.

ఈ నియమాలన్నీ కోడ్‌బుక్ అనే రెండు మూడు పేజీల కాగితంలో ఉంటాయి. అది బాగుందో లేదో తెలిసేది ఇంకొకరి చేతికిచ్చినప్పుడే. ఒక స్నేహితురాలిని కూర్చోబెట్టి, అవే 40 ప్రస్తావనలను ఇద్దరూ విడివిడిగా కోడ్ చేయాలి. లెక్క కోసం ఊహాత్మక అంకెలు తీసుకుందాం. ఈ మాట ఉద్యమ మహిళదా కాదా అన్న గడిలో విద్యార్థిని 8 సార్లు అవునంది, స్నేహితురాలు 10 సార్లు అవునంది. ఇద్దరూ కలిసి అవునన్నవి 6, కలిసి కాదన్నవి 28. మొత్తం 34 చోట్ల ఏకీభవించారు, అంటే 85 శాతం. చాలా ప్రాజెక్టుల్లో ఇక్కడితో సంతృప్తి పడతారు.

కానీ ఎక్కువ జవాబులు ‘కాదు’ అయినప్పుడు, కళ్లు మూసుకుని గుర్తులు పెట్టినా చాలాచోట్ల కలుస్తాయి. 1960లో జేకబ్ కోహెన్ ఇచ్చిన కప్పా సూత్రం ఈ అదృష్టపు వంతును తీసేస్తుంది. ఇద్దరూ యాదృచ్ఛికంగా అవునని కలిసే వంతు 40లో 8, 40లో 10 గుణిస్తే 0.05. కాదని కలిసే వంతు 40లో 32, 40లో 30 గుణిస్తే 0.60. కలిపి 0.65. నిజంగా కలిసింది 0.85. రెండింటి తేడా 0.20ని, అదృష్టం వదిలిన మిగతా భాగమైన 0.35తో భాగిస్తే 0.57 వస్తుంది. సాధారణంగా 0.80 ఉంటే నిబ్బరంగా ముందుకెళతారు. 0.57 అంటే కోడ్‌బుక్ ఇంకా ఇద్దరికీ ఒకే మాట చెప్పడం లేదు. విభేదించిన ఆ 6 ప్రస్తావనలను ముందేసుకుని చూస్తే కారణం దొరుకుతుంది. ఎక్కువగా అది ‘గ్రామస్థులు’ లాంటి చోటే. నియమాన్ని సరిచేసి, కొత్త 40 ప్రస్తావనలతో మళ్లీ పరీక్షించాలి. పాతవాటితో పరీక్షిస్తే, జవాబులు గుర్తుండబట్టి కలుస్తారు.

ఏ రోజుల సంచికలు చూడాలన్నది మరో నిర్ణయం. ఏడున్నర నెలల్లో ఒకే నెల తీసుకుంటే, ఆ నెలలో వేలంపాట పడితే అంతా హడావుడే కనిపిస్తుంది. వార్తాపత్రికల పరిశోధనలో వాడే ఉపాయం కృత్రిమ వారం. ఆ కాలంలోని సోమవారాలన్నీ చీట్లు వేసి ఒకటి తీయడం, అలాగే మంగళవారం, ఆదివారం వరకు. ఆదివారం పేజీకీ సోమవారం పేజీకీ తేడా ఉంటుంది కాబట్టి వారంలో ప్రతి రోజుకూ వంతు దక్కుతుంది. ఆరు నెలల స్థానిక పత్రికకు ఒక్క కృత్రిమ వారం కూడా సరిపోతుందని అమెరికాలో 1993లో అచ్చయిన ఒక అధ్యయనం చూపించింది. కానీ అది స్థానిక వార్తల సగటు గురించి. సారా వార్తలు ఆగి ఆగి గుంపులుగా వస్తాయి. అందుకని ఇక్కడ కనీసం నాలుగు కృత్రిమ వారాలు, అంటే 28 సంచికలు చూడాలంటాను. ప్రాముఖ్యం దక్కిన వార్తల్లో మాట్లాడినవారు బొత్తిగా కొద్దిమందే దొరికితే ఇంకో రెండు వారాలు కలపాలి. ఆ షరతు కూడా లెక్క మొదలు కాకముందే రాసిపెట్టాలి. సగం ఫలితం చూశాక, నచ్చిన అంకె వచ్చేదాకా సంచికలు పెంచుకుంటూ పోతే అది కొలత కాదు.

ఇదంతా అయ్యాక ఆ విద్యార్థిని రాయగలిగేది ఒక పట్టిక, దాని కింద నాలుగు వాక్యాలు. లోపలి పేజీల్లో మాట్లాడినవారిలో ఉద్యమ మహిళలు ఇంత శాతం, ప్రాముఖ్యం దక్కిన వార్తల్లో ఇంత, పేరుతో ఇంతమంది, ఆడో మగో తెలియనివారు ఇంతమంది. వాటా తగ్గిందని తేలినా, పత్రిక కావాలని ఆడవాళ్లను పక్కకు నెట్టిందని ఆమె రాయకూడదు. మొదటి పేజీకి ఎక్కే వార్తే మంత్రి ప్రకటన వల్ల ఎక్కి ఉండవచ్చు. అప్పుడు నాయకుడి మాట వల్ల ప్రాముఖ్యం వచ్చింది కానీ, ప్రాముఖ్యం వల్ల నాయకుడి మాట రాలేదు. ఒక పత్రిక గురించి తేలింది తెలుగు పత్రికలన్నిటికీ వర్తిస్తుందనీ రాయకూడదు. ఉద్యమాన్ని పత్రిక నడిపిందా అన్న మొదటి ప్రశ్నకు ఈ పట్టికలో జవాబు లేదు. దానికి ఎక్సైజ్ కార్యాలయంలో 1992 నాటి వేలంపాటల ఫైలు తీసి, ఏ దుకాణం పాట ఏ తేదీన ఆగిందో, ఆ తేదీకి ముందు వారం పత్రికలో ఏముందో పక్కపక్కన పెట్టి చూసే మనిషి కావాలి.